పద్నాలుగు రోజుల్లో పట్టేది ఒక్క చికిత్సే

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. నాకు 54 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. మూడేళ్లుగా నడుము నొప్పి. ఎమ్మారై తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు కొద్దిగా ఉబ్బిందని, ఆపరేషన్ అవసరం లేదని చెప్పారు. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. డిసెంబరులో రెండు వారాల సెలవు దొరికింది. కేరళలో ఒక ఆయుర్వేద రిసార్టు వారు 14 రోజుల్లో సంపూర్ణ పంచకర్మ చేస్తామని, మధ్యలో రెండు రోజులు మున్నార్, హౌస్‌బోటు కూడా ఉంటాయని అంటున్నారు. మా వారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటున్నారు. ఆయనకూ ఇదే ప్యాకేజీ ఇస్తామంటున్నారు. వెళ్లవచ్చా?

జవాబు: కేరళ వెళ్లండి. ఆ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. మీ నడుముకు రెండు వారాల్లో చేయగలిగిన పని ఉంది, అది చేయించుకోదగినదే. కానీ దాన్ని ‘సంపూర్ణ పంచకర్మ’ అనరు, అందులో మున్నార్ ఇమడదు. మీ వారి సంగతి పూర్తిగా వేరు, చివర్లో చెబుతాను.

ముందు రోజుల లెక్క చూద్దాం. పంచకర్మలంటే వాంతి చేయించే వమనం, విరేచనం, రెండు రకాల బస్తి, ముక్కులో మందు వేసే నస్యం. ఇవి భోజనంలో పప్పు, కూర, పులుసులాగా వరుసగా వడ్డించేవి కావు. రోగిని చూసి, అవసరమైనదాన్ని ఎంచుకుని చేస్తారు. ఒక్క విరేచనాన్నే తీసుకోండి. శాస్త్రం చెప్పినట్టు చేస్తే మొదట రెండు మూడు రోజులు జీర్ణశక్తిని సరిచేసే మందులు. ఆ తరువాత మూడు నుంచి ఏడు రోజులు ఔషధాలతో కాచిన నెయ్యి తాగడం. ఆపైన మూడు రోజులు ఒంటికి నూనె పట్టించి చెమట పట్టించడం. అప్పుడు ఒక రోజు విరేచనం. ఆ మర్నాటి నుంచి పలచని గంజి, తరువాత చిక్కని జావ, తరువాత పెసరకట్టు, ఆపైన మామూలు అన్నం. ఈ మెట్లు ఎక్కడానికి మూడు నుంచి ఏడు రోజులు. అన్నీ కనిష్ఠంగా వేసుకున్నా పన్నెండు రోజులు అయిపోతాయి, పూర్తిగా చేస్తే మూడు వారాలకు చేరతాయి. ఐదు కర్మలూ 14 రోజుల్లో, అందులోనూ రెండు రోజులు షికారుకు తీసేసి చేస్తామంటున్నారంటే, ఏదీ సరిగ్గా చేయరన్నమాట.

నెయ్యి తాగడం ఎలా ఉంటుందో బ్రోషర్లలో రాయరు కాబట్టి నేను చెబుతాను. పొద్దున ఆరింటికి, పరగడుపున, గోరువెచ్చటి చేదు నెయ్యి గ్లాసులో తెచ్చి ఇస్తారు. మొదటి రోజు 30 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజూ పెంచుతారు. అయిదో రోజుకు 150 దాకా వెళ్లవచ్చు, అంటే మామూలు టీ గ్లాసు నిండా. ముక్కు మూసుకుని తాగేసి, వేడినీళ్లు చప్పరిస్తూ కూర్చోవాలి. పడుకోకూడదు. త్రేనుపులో నెయ్యి వాసన పోయి, నిజమైన ఆకలి వేసేదాకా ఏమీ తినకూడదు. అది కొందరికి పదకొండింటికి వేస్తుంది, కొందరికి మధ్యాహ్నం మూడవుతుంది. అప్పుడు గంజి. నాలుగో రోజుకు గ్లాసు చూస్తేనే వెగటు పుడుతుంది, చర్మం జిడ్డుగా ఉంటుంది, మలంలో నెయ్యి కనబడుతుంది. వైద్యుడు ఎదురుచూసే గుర్తులు ఇవే. అవి వచ్చాకే ఆపుతాడు తప్ప, క్యాలెండర్ చూసి కాదు. పిత్తాశయంలో రాళ్లున్నవారికి ఇంత నెయ్యి ఒక్కసారి పడితే రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. అందుకే కడుపు స్కానింగ్ గురించి అడగకుండా నెయ్యి చేతికిచ్చే చోట నేనైతే ఉండను.

చదువు పూర్తయ్యాక ఏడాదిపాటు సముద్రతీరంలోని ఒక రిసార్టులో పనిచేశాను, పేరు చెప్పను. అక్కడ వారం రోజుల ‘డిటాక్స్’ ఉండేది. నెయ్యి రెండే రోజులు, నాలుగో రోజు విరేచనం, అయిదో రోజు పొద్దున బఫేలో ఇడ్లీ, గుడ్లు, పండ్ల రసం. ఒకావిడకు విరేచనాలు ఇరవై దాటాయి. మర్నాడు స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయారు. రక్తపోటు చూస్తే పైది 84. ఆమెకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి పడుకోబెట్టి, మేనేజరు దగ్గరకు వెళ్లి, గంజి రోజులు ఎందుకు కోసేశారని అడిగాను. గంజి తాగడానికి ఎవరూ ఇంత దూరం రారన్నాడు. ఆయన వైపు నుంచి ఆ మాట నిజమే. ఆ తరువాత మూడు నెలల్లో నేను మానేశాను.

ఇక మీ నడుము. డిస్కు కొద్దిగా ఉబ్బడం, కూర్చుని చేసే ఉద్యోగం, మోకాళ్ల పట్టు. వీటికి విరేచనం అక్కర్లేదు. మా శాస్త్రం వీటిని వాత సంబంధమైనవిగా చూస్తుంది, వాతానికి బస్తిని మించిన చికిత్స లేదంటుంది. బస్తి అంటే ఎనిమాయే. కానీ పొట్ట కడగడానికి ఇచ్చే సబ్బు నీళ్లు కాదు. ఇందులో యోగబస్తి అనే క్రమానికి ఎనిమిది రోజులు చాలు, మీ రెండు వారాల్లో తొందర లేకుండా పడుతుంది.

మీకు నేను రాసే క్రమం ఇలా ఉంటుంది. మొదటి రోజు చేరడం, పరీక్ష. నాలుక, నాడి, రక్తపోటు చూడటం, ఎమ్మారై ఫిల్ము చూడటం, కాలు నిటారుగా పైకి లేపించి నొప్పి ఎక్కడిదాకా పాకుతుందో చూడటం. దీనికి అరగంటైనా పట్టాలి. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా పొద్దునా సాయంత్రం కషాయం, రోజుకొకసారి నూనె మర్దన, పొడికిళి. కిళి అంటే మూట. మందు పొడిని గుడ్డలో మూటకట్టి, పెనం మీద వేడిచేసి, నడుము మీదా మోకాళ్ల మీదా పెట్టే కాపడం. మన ఇళ్లలో ఉప్పు మూటతో పెట్టే కాపడానికి పెద్దక్క అనుకోండి. అయిదో రోజు నుంచి పన్నెండో రోజు దాకా బస్తి, దానితోపాటు నడుముకు కటివస్తి. పదమూడో రోజు ఏమీ చేయరు, విశ్రాంతి. పద్నాలుగో రోజు ప్రయాణం. ఖాళీగా కనిపించే ఆ పదమూడో రోజును ఎవరికీ అమ్ముకోకండి.

కటివస్తి చూడముచ్చటగా ఉంటుంది. మినప పిండిని చపాతీ ముద్దలా కలిపి, బోర్లా పడుకున్న మీ నడుము మీద గుండ్రంగా గోడ కడతారు. గోడకూ చర్మానికీ మధ్య సందు లేకుండా తడి వేలితో అదుముతారు. ఆ చిన్న బావిలో గోరువెచ్చని తైలం పోసి అరగంట పైచిలుకు ఉంచుతారు. చల్లారుతుంటే దూదితో పిండి తీసి వేడిది పోస్తుంటారు. పని నేర్చిన మనిషి ముందు తన మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసుకుంటుంది. గోడ కారి నూనె పక్కటెముకల వైపు పాకుతుంటే ఆ చేయి ఇంకా కొత్తదని తెలుసుకోండి.

బస్తిలో రెండు రకాలని చెప్పాను కదా. ఒకటి నూనెది, భోజనం తరువాత ఇస్తారు, 60 నుంచి 100 మిల్లీలీటర్ల లోపే. అది కొన్ని గంటలపాటు లోపల ఉంటే మంచిది. రెండోది కషాయపుది, పరగడుపున ఇస్తారు, అరలీటరు దాటుతుంది. ఎనిమిది రోజుల్లో మొదటి రోజు నూనె, రెండో రోజు కషాయం, ఇలా మార్చి మార్చి ఇచ్చి, చివరి రెండు రోజులూ నూనెతో ముగిస్తారు. మొత్తం అయిదు నూనెవి, మూడు కషాయపువి. కషాయపు బస్తి తయారీ చూడగలిగితే చూడండి, ఆ చోటు గురించి అన్నీ తెలుస్తాయి. కల్వంలో ముందు తేనె, సైంధవ లవణం కలిపి నూరతారు. తరువాత నూనె కొంచెం కొంచెంగా, తరువాత మందుల ముద్ద, చివరికి కషాయం. అంతా ఏకమై, పైన నూనె తేలకుండా రావాలి. అన్నీ ఒకేసారి మిక్సీలో తిప్పేస్తే కాసేపటికి విడిపోతాయి, విడిపోయింది లోపలికి వెళ్తే కడుపులో నొప్పి పుట్టిస్తుంది. కషాయపుది పది పదిహేను నిమిషాల్లో బయటికి రావాలి. ముప్పావుగంట దాటినా రాకపోతే, పొట్ట ఉబ్బి నొప్పి చేస్తే వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. ఆ గంట మీరు గదిలో ఒంటరిగా ఉండకూడదు. ముందే అడిగి తెలుసుకోండి: బస్తి ఇచ్చేటప్పుడు వైద్యుడు దగ్గరుంటారా, లేక చికిత్స చేసే అమ్మాయి చేతికి వదిలేస్తారా?

రోజు ఎలా గడుస్తుందంటే, నిజం చెప్పాలంటే విసుగ్గా గడుస్తుంది. పొద్దున ఆరింటికి చేదు కషాయం. గంట, గంటన్నర చికిత్స. చెక్క ద్రోణి మీద పడుకుంటే ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి, ఒకే ఊపుతో రెండు చేతులూ కదుపుతారు. ఆడవారికి ఆడవారే చేస్తారు, అలా కాకపోతే ఒప్పుకోకండి. తరువాత పెసర పిండితో జిడ్డు వదిలించి వేడినీళ్ల స్నానం, తల మీదికి మాత్రం గోరువెచ్చనివి. మాడున చిటికెడు రాస్నాది చూర్ణం రుద్దుతారు. తరువాత గంజి, ఉడికించిన కూర. మీరు తెచ్చుకున్న ఆవకాయ సీసా సూట్‌కేసులోనే ఉండాలి. కాఫీ, పెరుగు, చన్నీళ్లు ఉండవు. పగలు నిద్ర పనికిరాదు, నూనె పట్టాక వచ్చేది మాత్రం నిద్రే. ఈ రెండింటి మధ్య నడిచే యుద్ధమే చికిత్సలో అసలు కష్టమని నా రోగులు చాలామంది చెప్పారు. మూడో రోజుకో నాలుగో రోజుకో నొప్పి కొంచెం పెరిగినట్టు ఉండవచ్చు, అది సాధారణంగా రెండు రోజుల్లో తగ్గుతుంది. కాలిలోకి కొత్తగా తిమ్మిరి దిగడం, పాదం బలహీనపడి చెప్పు జారిపోవడం, మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా అది ఆయుర్వేదం చూసుకోవలసిన పని కాదు. అదే రోజు వెన్నెముక సర్జన్ ముందు ఉండాలి.

ఎంత తగ్గుతుంది? మోకాళ్ల విషయంలో చూపగలిగిన ఒక మంచి పరిశీలన ఉంది. జర్మనీలో మోకాళ్ల అరుగుదల ఉన్న 151 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆయుర్వేద పద్ధతిలో, రెండో జట్టుకు మామూలు పద్ధతిలో వైద్యం చేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఆయుర్వేద జట్టులో నొప్పి, పట్టు ఎక్కువగా తగ్గాయి. అయితే ఏ వైద్యం జరుగుతోందో రోగులకు తెలుసు. మర్దన చేయించుకుంటున్నానన్న నమ్మకం వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేం. ఇంకొకటి, అది రెండు వారాల విహారం కాదు. 15 చికిత్సలను 12 వారాల మీద పరిచారు, ఆహారం, వ్యాయామం కూడా మార్చారు. కాబట్టి మీరు తిరిగి వచ్చాక నడుము తేలికపడి, మాత్రలు తగ్గి, మెట్లు కొంత సులువైతే అది మంచి ఫలితం. ఎమ్మారైలో డిస్కు వెనక్కి వెళ్లిపోతుందని ఎవరైనా మాట ఇస్తే వినకండి.

ఇక హౌస్‌బోటు, మున్నార్. బస్తి, విరేచనం లాంటివి చేయించుకునేవారు మానుకోవాల్సినవి ఎనిమిదని చరక సంహిత చెబుతుంది. గట్టిగా మాట్లాడటం, కుదుపుల ప్రయాణం, అతిగా నడవడం, అతిగా కూర్చోవడం, అరగకముందే తినడం, పడనిది తినడం, పగటి నిద్ర, దాంపత్యం. కుదుపుల ప్రయాణాన్ని రథం పేరుతో చెప్పారు గానీ, మున్నార్ ఘాట్ రోడ్డుకు అది చక్కగా సరిపోతుంది. ఈ జాబితాను మూఢనమ్మకమని కొట్టేయనక్కర్లేదు. నూనె బస్తి పెట్టుకుని మలుపుల రోడ్డు మీద నాలుగు గంటలు కారులో కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి. అతిగా కూర్చోవడం దగ్గర మీకు ఇంకో చిక్కుంది. బస్తి ఎన్ని రోజులు చేస్తే దానికి రెట్టింపు రోజులు పథ్యంగా ఉండాలని నియమం, అంటే మీకు పదహారు రోజులు. మీరేమో పదిహేనో రోజున కౌంటరు ముందు కుర్చీలో ఉంటారు. వీలైతే ఇంకో మూడు నాలుగు రోజులు సెలవు పెట్టండి. వీలుకాకపోతే కనీసం అరగంటకోసారి లేచి నిలబడండి, తేలికైన భోజనం చేయండి, ఆ రెండు వారాలూ బరువులెత్తే పని ఇంట్లో వేరేవారికి అప్పగించండి. డిసెంబరు గురించి సందేహపడకండి. కేరళవారు చికిత్సకు కర్కాటక మాసం, అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, మంచిదంటారు. మీకు దొరికిన సెలవులోనూ పని జరుగుతుంది.

మీ వారికి ఈ ప్యాకేజీ ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునే మనిషి పొద్దున నెయ్యి తాగి, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. విరేచనం రోజున అయితే మరీ. ఇది ఆయుర్వేదానికి తెలియని సంగతేం కాదు, ప్రమేహ రోగులకు నూనె బస్తి కూడా వద్దని గ్రంథాల్లోనే ఉంది. ఇంకో విషయం ఎవరూ చెప్పరు. పన్నెండేళ్ల షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. కాపడం మూట కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే కనిపిస్తుంది. అరిష్టాల్లో, లేహ్యాల్లో బెల్లమో పంచదారో ఉంటుంది. ఆయన రోజూ మీటరుతో షుగరు చూసుకుంటూ, ఇన్సులిన్ మోతాదు తన డాక్టరు చెప్పినట్టే ఉంచుకుంటూ, తేలికైన నూనె మర్దన మాత్రం చేయించుకోవచ్చు, మూడు పూటలా వేళకు తినాలి. మాత్రలు, ఇన్సులిన్ ఆపేయమని అక్కడ ఎవరైనా చెబితే, పెట్టె సర్దుకుని వచ్చేయండి.

మీలాంటివారికి, అంటే చాలాకాలంగా ఉన్న నడుము, మెడ, మోకాళ్ల నొప్పులు, పట్టులు, నిద్రలేమి ఉండి, మిగతా ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఈ రెండు వారాలు కలిసివస్తాయి. గర్భిణులు, గుండె బలహీనంగా ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, కీమోథెరపీలో ఉన్నవారు, జ్వరం గానీ రక్తం పడే మొలలు గానీ ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు, లేదా తమ డాక్టరు ఒప్పుకుంటేనే వెళ్లాలి. ఇంకొందరున్నారు, ఆరోగ్యం బాగానే ఉంటుంది కానీ రోజంతా ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే తోచదు. వారికి మూడో రోజే ప్రాణం విసుగెత్తుతుంది. అలాంటివారు నాలుగు రోజులు మర్దన చేయించుకుని, మిగిలిన పది రోజులు ఊళ్లు చూసుకుంటే డబ్బూ ఆరోగ్యమూ రెండూ మిగులుతాయి.

చోటు ఎంచుకునేటప్పుడు ఫోనులో మూడు మాటలు అడగండి. వైద్యుడు రోజూ చూస్తారా? మందుల పేర్లన్నీ కాగితం మీద రాసిస్తారా? నాకు వాడిన తైలం ఇంకొకరికి వాడరు కదా? రెండో ప్రశ్న ఎందుకంటే భస్మాలు, లోహాలు కలిసిన మందులు ఉంటాయి. 2004లో వెలువడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి. నొప్పులకు మూలికల కషాయాలు, తైలాలు చాలు, భస్మాలు వద్దని ముందే చెప్పండి. మూడోది శుభ్రత కోసం. ఒంటి మీద తైలాన్ని ధారగా పోసే పిళిచ్చిల్‌లో మూడు రోజులు ఒక నూనె, తరువాతి మూడు రోజులు కొత్త నూనె, ఏడో రోజు రెండూ కలిపి వాడటం పాత పద్ధతి. కానీ అదంతా ఒకే రోగికి. ఇత్తడి గిన్నె మీద మీ గది నంబరు రాసి ఉందో లేదో మొదటి రోజే చూడండి. ఇంకొక మాట. పడకలున్న ఆయుర్వేద ఆసుపత్రిలో చేరితే ఆరోగ్య బీమా వర్తించవచ్చు. ‘పునరుజ్జీవనం’ పేరుతో రిసార్టు బిల్లు వేస్తే రాదు. బీమా కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి.

హౌస్‌బోటుకు డబ్బు కట్టేసి ఉంటే, మీ వారిని ఒక్కరినే ఒక రోజు వెళ్లి రమ్మనండి. ఇన్సులిన్, బిస్కెట్ల పొట్లం జేబులో ఉండాలి. ఫొటోలు మీరు సాయంత్రం చూడవచ్చు, పగలు నిద్రపోకుండా ఉండటానికి అదో ఉపాయం.